ఆత్రేయపురం నుంచి ఫ్రిస్కోకు ఒక పెట్టె

ఈ పెట్టెలో పూతరేకులు లేవు. వాటిని చుట్టుకోవడానికి రెండు వందల వట్టి రేకులున్నాయి, కింద కిలోన్నర నువ్వుండలున్నాయి. పెట్టె పొడవు 38, వెడల్పు 30, ఎత్తు 16 సెంటీమీటర్లు. కోనసీమ జిల్లా ఆత్రేయపురంలో ఒక ఇంటివాళ్లు కట్టి, అమెరికాలో టెక్సస్ రాష్ట్రం ఫ్రిస్కోలో ఉన్న ఒక తెలుగింటికి సీమంతం కోసం పంపారు. అత్తగారు రేకులు తీస్తారు. కోడలు ఫోన్లో ఆర్డర్లు తీసుకుని, పెట్టె కట్టి, కాగితాలు రాస్తుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకు పిండివంటలు పంపే కొరియర్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. సరుకు ఏదైనా గుడ్డిగా ప్లాస్టిక్ చుట్టి, టేపు మీద టేపు వేసి పంపేస్తారు. ఈ ఇంటి పెట్టెను దగ్గర నుంచి చూస్తే వేరే పద్ధతి కనబడుతుంది. ఇందులో ప్రతి నిర్ణయం రెండు ప్రశ్నలకు ఒకేసారి జవాబు చెబుతుంది. రేకు విరగకుండా చేరుతుందా? అక్కడి అధికారి దాన్ని లోపలికి రానిస్తాడా? ఈ రెండింటినీ విడివిడిగా కాకుండా కలిపి ఆలోచించడంలోనే వీళ్ల పనితనం ఉంది.

రేకు తీయడం

మొదట రేకు సంగతి. జయ రకం బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు కలిపి బాగా పల్చన చేస్తారు. అడుగుభాగం నున్నగా ఉండేలా కుమ్మరి చేత ప్రత్యేకంగా చేయించిన కుండను పొయ్యి మీద బోర్లిస్తారు. కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి గుడ్డను రెండు కొసలా పట్టుకుని పిండి నీళ్లలో ముంచి, కాలిన కుండ మీద పరిచి లాగేస్తారు. గుడ్డ వెళ్లిపోతుంది, పిండి పొర మాత్రం కుండకు అంటుకుని క్షణాల్లో ఆరిపోతుంది. దాన్ని అంచు పట్టి ఒలిచి, ఒక మడత పెడతారు. కొత్త కుండ వెంటనే పనికిరాదు. నూనె పూసి, కాల్చి, కొన్నాళ్లు వాడితే గానీ రేకు తేలిగ్గా ఊడిరాదు.

ఆకుల మంట ఎందుకంటే, దాన్ని క్షణంలో పెంచవచ్చు, క్షణంలో తగ్గించవచ్చు. కుండ వేడి తగ్గితే రేకు పచ్చిగా, సాగుతూ వస్తుంది. ఎక్కువైతే ఎర్రబడి, చేతిలోనే పెళుసుగా విరుగుతుంది. అత్తగారి చూపు ఎప్పుడూ కుండ మీదే ఉంటుంది, చెయ్యి మాత్రం ఆకుల వైపు పోతూ ఉంటుంది.

ఊళ్లో అమ్మే రేకుకూ, విమానం ఎక్కే రేకుకూ ఆవిడ తేడా చూస్తారు. తీసిన రేకుల్ని వెలుతురుకు ఎదురుగా పట్టి ఏరుతారు. అంచు దగ్గర పిండి ముద్ద కట్టిన రేకు ఊళ్లోనే ఉండిపోతుంది. తినడానికి అదేమీ తక్కువ కాదు. కానీ మందమైన అంచు ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, దొంతరలో పక్క రేకును ఎత్తిపడుతుంది. అక్కడ ఖాళీ ఏర్పడి, ప్రయాణంలో కుదుపు వచ్చినప్పుడు విరగడం అక్కడే మొదలవుతుంది. చిన్న చిల్లు ఉన్న రేకును మాత్రం పంపుతారు. చుట్టేటప్పుడు రెండో రేకు దాన్ని కప్పేస్తుంది. ఏ లోపం ప్రయాణంలో పెరుగుతుందో, ఏది పెరగదో తెలిసినవాళ్లే ఇలా ఏరగలరు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తును పెట్టె మీద వేసుకోవాలంటే ఊళ్లో ఉంటే చాలదు, అధీకృత వాడుకదారుగా పేరు నమోదు కావాలి. కోడలు పెట్టె మీద ఊరి పేరు చిరునామాలో రాస్తుంది. నమోదు పూర్తయ్యే దాకా గుర్తు వేయనంటుంది.

నెయ్యి ఎందుకు మానేశారు

చుట్టిన పూతరేకులే పంపమని అడిగేవాళ్లు ఎక్కువ. వీళ్లు ముందు అవే పంపేవారు. వట్టి రేకులకు మారడానికి మొదటి కారణం నెయ్యి. ఎండలో నిలబడ్డ వ్యానులో అది కరిగి రేకును తడుపుతుంది. చల్లటి గోదాములో మళ్లీ గడ్డకడుతుంది. చేరేసరికి రేకు పొరలు విడిపోకుండా ఒకే అట్టలా తయారవుతాయి.

రెండో కారణం సరిహద్దు. నెయ్యి పాల పదార్థం. మన దేశంలో పశువులకు గాలికుంటు వ్యాధి ఉంది కాబట్టి, ఇక్కడి నుంచి వచ్చే పాల పదార్థాల మీద చాలా దేశాలకు అనుమానం. యూరోపియన్ యూనియన్ దేశాలకు గానీ, బ్రిటన్‌కు గానీ ఇక్కడి నుంచి వ్యక్తులు పంపే పార్సిళ్లలో పాల పదార్థాలు అనుమతించరు. అమెరికాలోనూ అవి వ్యవసాయ శాఖ నిబంధనల కిందికి వస్తాయి. లోపల నెయ్యి ఎంత ఉంది, ఎలా కాచారు అని అక్కడి అధికారికి వివరించడానికి మనిషి ఉండడు, కాగితం మాత్రమే ఉంటుంది. అందుకని ప్రశ్నే రాకుండా చేశారు. నెయ్యి, పంచదార, జీడిపప్పు ఫ్రిస్కోలో దొరుకుతాయి. దొరకనిది రేకు ఒక్కటే. దొరకనిదాన్నే పంపుతారు.

దీనివల్ల ఇంకో మేలు జరిగింది. రేకులో ఉన్నది బియ్యం, నీళ్లు. ప్రపంచమంతా వాడే సరుకుల కోడ్ పట్టికలో 1905 అనే శీర్షిక కింద బ్రెడ్డు, బిస్కెట్లతో పాటు రైస్ పేపర్ కూడా పేరుతో సహా ఉంది. అంటే మన రేకుకు కస్టమ్స్ వాళ్ల పుస్తకంలో ముందే చోటు ఉంది. అదే పంచదార, నెయ్యి, పప్పులు పడితే ఏ శీర్షిక కింద వేయాలన్నది వాదనకు వస్తుంది.

అయితే ఫారంలో ‘బియ్యం’ అని మాత్రం రాయకూడదు. ధాన్యాన్ని నాశనం చేసే ఖప్రా పురుగు ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు, పార్సిళ్ల ద్వారా వచ్చే బియ్యాన్ని అమెరికా రానివ్వదు. ఆ దేశాల్లో మనదీ ఒకటి. రేకు ఉడికిన పదార్థం, అందులో పురుగు బతకదు. కానీ కాగితం మీద బియ్యం అన్న ఒక్క మాటే కనబడితే పెట్టె విప్పక తప్పదు. అందుకని కోడలు రాసేది ‘ఎడిబుల్ రైస్ పేపర్ షీట్స్, కుక్డ్ అండ్ డ్రైడ్’ అని. అది ఏ పదార్థం, ఏ స్థితిలో ఉంది అన్న రెండూ అందులో తెలుస్తాయి. ‘ఇండియన్ స్వీట్స్’, ‘హోమ్ ఫుడ్’ లాంటి మాటలు ఆమె రాసిన ఫారాల్లో ఎక్కడా కనబడవు. అలాంటి మాట చూసిన అధికారికి లోపల ఏముందో తెలియదు, తెలియనప్పుడు ఆపడమే అతని పని.

పెట్టె కట్టడం

రేకు బరువుకు విరగదు, కదలికకు విరుగుతుంది. వందల రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చినా కింది రేకు చెక్కుచెదరదు. కానీ దొంతర అటూ ఇటూ ఒక వేలు వెడల్పు జరిగితే చాలు, అంచులు పొడి అవుతాయి. పెట్టె కట్టడం అంతా ఈ ఒక్క సంగతి మీద నడుస్తుంది.

రేకులు పూర్తిగా చల్లారాక యాభై చొప్పున నాలుగు దొంతరలు చేస్తారు. వాన పట్టిన రోజున ఈ పని పెట్టుకోరు. గాలిలో తేమను రేకు నిమిషాల్లో పీల్చుకుని మెత్తబడుతుంది, సంచిలో మూసేస్తే ఆ తేమ లోపలే ఉండి బూజు పడుతుంది. ఒక్కో దొంతరకు కిందా పైనా వెన్న కాగితం, ఆపైన గట్టి అట్ట. అట్ట రేకు కంటే కొంచెం పెద్దది, అంటే దెబ్బ ముందు అట్ట అంచుకు తగులుతుంది. ఇలా బిగించిన దొంతరను పారదర్శకమైన మందపాటి సంచిలో పెట్టి, ఆహారానికి వాడదగ్గ తేమ పీల్చే పొట్లం ఒకటి వేసి, అంచు వేడితో అతికిస్తారు.

పచ్చళ్లకు వాడే వాక్యూమ్ యంత్రం ఇంట్లో ఉన్నా దీనికి వాడరు. గాలి లాగేస్తే సంచి రేకుల్ని నాలుగు వైపులా పిండేస్తుంది. సంచిలో కాస్త గాలి ఉంటేనే రేకుకు మేలు. అయితే ఆ గాలి దొంతర కదిలేంత ఉండకూడదు. సరిపోయిందో లేదో కోడలు చెవితో చూస్తుంది. సంచిని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపుతుంది. గలగల వినబడితే విప్పి మళ్లీ కడుతుంది.

నాలుగు సంచులూ రెండేసి చొప్పున రెండు వరసలుగా పెడితే 32 సెంటీమీటర్ల పొడవు, 24 వెడల్పు, 7 ఎత్తు వస్తుంది. వాటి కింద అదే కొలతలో మూడు సెంటీమీటర్ల ఎత్తున నువ్వుండల డబ్బా. బరువైన సరుకు ఎప్పుడూ కిందే. పెట్టె తలకిందులైతే మాత్రం ఆ బరువు రేకుల మీద పడుతుంది. అందుకని డబ్బాకూ రేకులకూ మధ్య అట్టను పెట్టె గోడలకు ఆనేలా కోస్తారు, బరువును గోడలు మోస్తాయి. చుట్టూ మూడేసి సెంటీమీటర్ల జాగాలో గాలి బుడగల షీటు కూరుతారు. పైన ఐదు పొరల అట్టపెట్టె.

బుడగల షీటుకు బదులు ఊరి పద్ధతిలో గడ్డి గానీ, ఊక గానీ పెడితే ఖర్చు లేదు కదా అని అడిగాను. “ఆయ్, అదే వద్దండి. లోపల రేకు మంచిదైనా గడ్డి వల్ల మొత్తం పెట్టె పోద్ది” అంది కోడలు. వరిగడ్డి, వరి ఊక తెగుళ్లను మోసుకెళ్తాయని అమెరికా వాటిని రానివ్వదు. చూడ్డానికి ముచ్చటగా ఉండే తాటాకు బుట్టలు కూడా ఈ ఇంట్లో దేశం లోపలి ఆర్డర్లకే వాడతారు.

ఇంతకంటే నాకు నచ్చిన సంగతి పెట్టె మూత. నడిమి గీత మీద ఒకే వరస టేపు, రెండు పక్కల అంచుల మీద ఒక్కొక్కటి. లోపల సంచులు పారదర్శకం, లేబుళ్లు పైకి. కస్టమ్స్ వాళ్లు పెట్టె విప్పవచ్చు. విప్పిన మనిషికి ఏదీ చింపకుండా అన్నీ కనబడాలి, కనబడినవన్నీ మళ్లీ అలాగే సర్దగలగాలి. పది చుట్లు టేపు వేసిన పెట్టెను కత్తితో కోస్తారు. ఆ కత్తి ఎక్కడ దిగుతుందో ఎవరికీ తెలియదు. విప్పుతారనే అనుకుని కట్టిన పెట్టె ఇది.

గాలికి కట్టే డబ్బు

కొరియర్లు రెండు బరువులు చూస్తాయి. ఒకటి తూకం చూపే బరువు. రెండోది పెట్టె ఆక్రమించే చోటును బట్టి లెక్కగట్టే బరువు: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగిస్తారు. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు, అదీ అరకిలో లెక్కన పైకి సవరించి. రేకులాంటి తేలిక సరుకుకు ఎప్పుడూ రెండోదే ఎక్కువ వస్తుంది.

ఇంతకు ముందు వీళ్లు వాడిన పెట్టె 45, 35, 20 సెంటీమీటర్లది. గుణిస్తే 31,500. ఐదు వేలతో భాగిస్తే 6.3, అంటే ఆరున్నర కిలోలకు డబ్బు కట్టాలి. లోపల రేకులు కిలో కూడా లేవు. మిగతాదంతా గాలి, అట్ట.

తర్వాత దొంతరల కొలతకు తగ్గట్టు పెట్టె చేయించారు. నువ్వుండలు లేకుండా అయితే 38, 30, 13. గుణిస్తే 14,820, భాగిస్తే మూడు కిలోలకు కాస్త తక్కువ. ఆరున్నర మూడుకు దిగింది. అప్పుడు కోడలు ఇంకో లెక్క వేసింది. తూకం ఇంకా రెండు కిలోలే చూపుతోంది. ఎత్తు మూడు సెంటీమీటర్లు పెంచి కింద నువ్వుండలు పెడితే 18,240 అవుతుంది, భాగిస్తే 3.65, నాలుగు కిలోల ఛార్జీ. రేకులు 700 గ్రాములు, నువ్వుండలు కిలోన్నర, పెట్టె, అట్టలు, సంచులు కలిపి కిలో మూడు వందలు. తూకం మూడున్నర. అంటే కిలో ఛార్జీ అదనంగా కడితే కిలోన్నర సరుకు వెళ్తోంది. కొనేవాళ్లకు నువ్వుండల మీద రవాణా ఖర్చు తగ్గింది, పెట్టె అడుగున బరువు ఉండడంతో అది తేలిగ్గా తలకిందులు కావడమూ తగ్గింది.

మూడు సెంటీమీటర్ల బుడగల జాగాను మాత్రం తగ్గించరు. అది ఒకటిన్నరకు దించితే అరకిలో ఛార్జీ మిగలవచ్చు. పగిలిన రేకులకు తిరిగి డబ్బిచ్చినప్పుడు పోయేది అంతకంటే ఎక్కువ.

లేబులు

అమెరికా వెళ్లే ఆహారం పొట్లం మీద ఇంగ్లీషులో పేరు, దినుసులు, నికర బరువు, తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, ఏ దేశానిదో ఉండాలి. దినుసులు బరువులో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది వెనక. బరువు గ్రాముల్లోనూ, ఔన్సుల్లోనూ. మన దేశంలో ఆహార సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే పద్నాలుగు అంకెల నంబరు కూడా వీళ్లు ప్రతి సంచి మీద వేస్తారు.

రేకుల లేబులు చిన్నది. నువ్వుండల లేబులు దగ్గర జాగ్రత్త పడాలి. అలర్జీ కలిగించే ప్రధాన ఆహారాల జాబితాలో అమెరికా 2023 జనవరి నుంచి నువ్వుల్ని తొమ్మిదోదిగా చేర్చింది. అంతకు ముందు పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలూ పీతల జాతి, చెట్టు పప్పులు, వేరుసెనగ, గోధుమ, సోయా ఉన్నాయి. దినుసుల్లో నువ్వులు అని ఉన్నా, కింద విడిగా ‘కంటెయిన్స్: సెసమీ’ అని కూడా ఈ ఇంటివాళ్లు వేస్తారు. అలర్జీ ఉన్నవాళ్లు ముందు చూసేది ఆ చోటే. నువ్వుండలు కట్టేటప్పుడు చేతికి నెయ్యి రాసుకోరు, వేడి పాకంతోనే కడతారు. నెయ్యి తగిలితే పాల సంగతి ఈ పెట్టెకు మళ్లీ తగులుకుంటుంది.

కానుకా, సరుకా

బంధువులకు పంపే పెట్టెల్లో తప్పులన్నీ ఇక్కడే పుడతాయి. కొనేవాళ్లు మేనమామ కూతురే కావచ్చు. డబ్బు తీసుకుని పంపితే అది సరుకు. డబ్బు తీసుకోకుండా ఒక మనిషి మరో మనిషికి పంపితే కానుక. వీళ్ల లెక్క ఇంతే, ఇందులో మూడో రకం లేదు.

కానుక మాట రాయాలని ఎందుకు అనిపిస్తుందో తెలియనిది కాదు. అమెరికాలో ఆహార, ఔషధ పర్యవేక్షణ ఎఫ్‌డీఏ చేతిలో ఉంటుంది. 2002 నాటి బయోటెర్రరిజం చట్టం ప్రకారం ఆ దేశానికి ఏ ఆహారం వస్తున్నా ముందుగా ఎఫ్‌డీఏకు తెలియజేయాలి. దీన్ని ప్రయర్ నోటీస్ అంటారు. ఒక వ్యక్తి తన ఇంట్లో స్వయంగా చేసి, మరో వ్యక్తికి కానుకగా పంపే వంటకు ఇది అక్కర్లేదు. వంద డాలర్ల లోపు నిజమైన కానుకకు సుంకమూ ఉండదు. అమ్మిన సరుకుకు ఈ రెండు మినహాయింపులూ వర్తించవు.

ఒకప్పుడు ఎనిమిది వందల డాలర్ల లోపు సరుకుకు అమెరికాలో సుంకం ఉండేది కాదు, అందుకని ఈ తేడాను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ వెసులుబాటును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఆపేశారు. ఆ కొత్త పద్ధతిలో సుంకం ఎవరు వసూలు చేయాలో తేలక మన తపాలా శాఖ ఆగస్టు చివర్లో అమెరికాకు పార్సిళ్లు తీసుకోవడమే మానేసింది. వంద డాలర్ల లోపు కానుకలకు, పత్రాలకు మొదట మినహాయింపు ఇచ్చింది. తిరిగి అక్టోబరు 15న మొదలుపెట్టినప్పుడు, సుంకాన్ని బుకింగ్ దగ్గరే పంపేవాళ్ల నుంచి కట్టించుకునే పద్ధతి తెచ్చింది. అప్పటి రేటు ప్రకటించిన విలువలో 50 శాతం. సరుకు మూడు వేల రూపాయలదనుకుంటే సుంకం పదిహేను వందలు. ఇలాంటి రేట్లు రెండు దేశాల మధ్య రాజకీయాన్ని బట్టి ఉంటాయి. అందుకని కోడలు ధరల పట్టికలో సుంకం అంకె వేయదు. బుక్ చేసే రోజున కొరియర్‌నో పోస్టాఫీసునో అడిగి, ఆ అంకె విడిగా చెబుతుంది. సుంకం ఇక్కడే కట్టేస్తుంది. అక్కడ గుమ్మం దగ్గర అడిగితే చాలామంది పెట్టె తీసుకోరు, తినుబండారం వెనక్కి రావడం అంటే పారేయడమే.

“బిల్లు సగానికి వేసెయ్యి వదినా, ఎవరు చూస్తారు” అని ఫ్రిస్కో ఆవిడే అడిగింది. కోడలు ఒప్పుకోలేదు. బ్యాంకులో పడ్డ డబ్బు ఒకటీ, బిల్లు మీద ఇంకొకటీ ఉంటే ఎగుమతి లెక్క కలవదు. పెట్టె పోయినా కొరియర్ ఇచ్చే పరిహారం బిల్లు విలువను దాటదు. సుంకంలో మిగిలే కొద్దిపాటి డబ్బు కోసం ఈ రెండూ పోగొట్టుకోవడం ఎందుకన్నది ఆమె వాదన.

సరుకుగా పంపాలంటే మన వైపు కావాల్సినవి తక్కువే. విదేశీ వాణిజ్య శాఖ ఇచ్చే ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతుల కోడ్. దాని రుసుము ఐదు వందల రూపాయలు, నంబరు మన పాన్ నంబరే. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య వివరాలు సరిచూసి నిర్ధారించాలి, లేకపోతే అది పనిచేయడం ఆగిపోతుంది. కొరియర్లో పంపితే సీఎస్‌బీ-5 అనే వాణిజ్య షిప్పింగ్ బిల్లు, బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్ అవసరం. కానుకలకు, నమూనాలకు వాడేది సీఎస్‌బీ-4. కొన్ని బుకింగ్ కేంద్రాలు అడక్కుండానే ఈ నాలుగో నంబరు మీద వేసేస్తాయి, రసీదు చూస్తే గానీ తెలియదు. తపాలాలో పంపేవాళ్లకు 2022 నుంచి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలున్నాయి. అక్కడ ఎగుమతి బిల్లు ఆన్‌లైన్‌లో వేయవచ్చు.

ఇక ప్రయర్ నోటీస్. ఎఫ్‌డీఏ వెబ్‌సైట్లో ఉచితంగా వేయవచ్చు, చాలా కొరియర్లు తామే వేస్తాయి కూడా. కోడలు తనే వేసుకుంటుంది. పెట్టెలో రెండు రకాల ఆహారం ఉంది కాబట్టి రెండు వేర్వేరు నమోదులు: రేకులకు ఒకటి, నువ్వుండలకు ఒకటి. ప్రతిదానికీ వాడుక పేరు, చేసినవాళ్లు, పంపినవాళ్లు, అందుకునేవాళ్లు, పరిమాణం ఇవ్వాలి. పరిమాణాన్ని పెద్దదాని నుంచి చిన్నదానికి చెబుతారు: ఒక పెట్టె, అందులో నాలుగు సంచులు, ఒక్కో సంచిలో ఇన్ని రేకులు. విమానంలో వచ్చే సరుకుకు, అది దిగడానికి కనీసం నాలుగు గంటల ముందు నోటీసు అంది ఉండాలి. ఎఫ్‌డీఏ సైటులోనే వేస్తే పదిహేను రోజుల కంటే ముందు వేయకూడదు. తపాలా పెట్టెకైతే పంపే ముందే వేసి, వచ్చిన నంబరును పెట్టెతో పాటు పంపాలి. నంబరు లేని తపాలా పెట్టెను వెనక్కి పంపవచ్చు, లేదా ధ్వంసం చేయవచ్చు.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి ఒకటుంది. అమెరికాకు ఆహారం పంపే తయారీ కేంద్రాలు ఎఫ్‌డీఏ దగ్గర నమోదై, ఆ దేశంలో ఒక ప్రతినిధిని చూపించాలి. సరి సంవత్సరాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ నమోదును తిరిగి చేయించాలి. వ్యక్తి నివాసముండే ఇల్లు మాత్రం ఈ నమోదు కిందికి రాదు. అత్తగారు ఇంటి పెరట్లోనే రేకులు తీస్తారు కాబట్టి నమోదు అక్కర్లేకపోయింది. కానీ నోటీసు అక్కర్లేదని కాదు. నోటీసులో నమోదు నంబరు అడిగే చోట, అది నివాస గృహమని కారణం ఎంచుకుంటారు. రేపు పని పెరిగి వేరే షెడ్డు తీసుకుంటే ఈ మినహాయింపు పోతుంది.

చేరాక

ఫ్రిస్కో పెట్టెలో రేకులతో పాటు ఒక కార్డు ఉంది. చలికాలంలో అక్కడి ఇళ్లలో హీటర్లు నడుస్తాయి, గాలి ఎండిపోయి ఉంటుంది. సంచి విప్పిన వెంటనే మడిస్తే రేకు పుటుక్కుమంటుంది. అందుకని కార్డులో ఇలా ఉంటుంది: తడిపి గట్టిగా పిండిన గుడ్డను పళ్లెంలో పరవండి, దాని మీద రేకును ఒక్క క్షణం ఆనించి తీయండి, వెంటనే నెయ్యి రాసి, పొడి చల్లి, మడవండి. ఒకసారి ఒక సంచే విప్పండి. ఈ మాటలు లేకపోతే మంచి రేకు కూడా పాడైన రేకులా కనబడుతుంది, తిట్లు ఆత్రేయపురానికి వస్తాయి.

ఎంత కట్టినా దొంతరలో పై రేకులు కొన్ని చిట్లుతాయి. వాటికి లెక్కగా ప్రతి సంచిలో యాభై మీద మూడు రేకులు అదనంగా పెడతారు. నికర బరువు లెక్కలో అవీ కలిసే ఉంటాయి, ఊరికే ఇచ్చారని లేబులు మీద తక్కువ వేయరు. దొంతరలో మధ్య రేకులు కూడా విరిగి వస్తే మాత్రం పెట్టె పైనుంచి పడిందని అర్థం. ఒక పక్క అంచులే పొడి అయితే లోపల జాగా మిగిలిపోయింది. మెత్తబడి సాగుతుంటే సంచి అతుకు ఊడింది. కొన్నవాళ్లు పంపే ఫొటో చూసి తప్పు ఎవరిదో, ఎక్కడిదో కోడలు ఇలా తేల్చుకుంటుంది. అతుకు తప్పైతే డబ్బు వెనక్కి ఇస్తుంది.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది, అది వాళ్లకు తెలుసు. సీమంతం అయ్యాక ఫ్రిస్కో నుంచే మరో సందేశం వచ్చింది: ఈసారి నలభై పెట్టెలు ఒకే చిరునామాకు పంపితే, వాట్సాప్ గ్రూపులో తెలిసినవాళ్లందరికీ తాము అమ్ముతామని. డబ్బు ముందే వేస్తామన్నారు. ఒక మనిషి తన ఇంటి వాడకానికి కొద్దిగా కొనుక్కున్న ఆహారానికి, అమెరికాలో దిగుమతిదారు సరఫరాదారును తనిఖీ చేయాలన్న నియమం వర్తించదు. అదే ఆహారాన్ని తెప్పించి అమ్మితే, తెప్పించినవాళ్లు దిగుమతిదారులు అవుతారు. చేసిన చోటు ఎలా ఉంది, ప్రమాదాలేమిటి అని రాతపూర్వకంగా చూసే బాధ్యత వాళ్ల మీద పడుతుంది. సీమంతానికి రేకులు తెప్పించుకున్న ఆవిడకు ఈ సంగతి తెలియదు, తెలిసి తలకెత్తుకునే ఉద్దేశమూ లేదు.

కోడలు ఆ ఆర్డరు కాదనలేదు. నలభై ఇళ్ల పేర్లు, చిరునామాలు విడివిడిగా పంపమంది. ఎవరి డబ్బు వాళ్లే వేయాలి, ఎవరి పెట్టెకు వాళ్ల పేరు మీదే నోటీసు. రవాణా ఖర్చు పెరుగుతుందని తెలిసి ఇరవైమందికి పైగా తప్పుకున్నారు. మిగిలినవాళ్లకు పద్నాలుగు పెట్టెలు వెళ్లాయి, పద్నాలుగుకూ వేర్వేరు నంబర్లు.